అమ్మోనియా బఫర్ కాకపోతే కిడ్నీ కొత్త బైకార్బొనేట్‌ను ఎలా సంపాదిస్తుంది?

ప్రశ్న: "అమ్మోనియా పీకేఏ 9 దాకా ఉంటుంది కాబట్టి రక్తంలోనూ మూత్రంలోనూ అది దాదాపు అంతా అమ్మోనియంగానే ఉంటుంది. అలాంటప్పుడు ప్రోటాన్లను పట్టుకునే బఫర్ అని దాన్ని ఎలా అంటారు? ఒక అమ్మోనియం మూత్రంలో పోతే ఒక కొత్త బైకార్బొనేట్ వస్తుందని పుస్తకంలో ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాలేదు. విరేచనాలతో అసిడోసిస్ వచ్చిన పేషెంటుకు మూత్రం పీహెచ్ 6.1 ఉంటే, కిడ్నీలు బాగానే పనిచేస్తున్నాయని మా సార్ అన్నారు. అసిడోసిస్‌లో 5.5 కంటే తగ్గాలి కదండీ?"

మీ అనుమానం సరైన చోటే పుట్టింది. రక్తం పీహెచ్ 7.4 దగ్గర ఉన్న అమ్మోనియాలో 98 శాతం దాకా అప్పటికే ప్రోటాన్‌ను మోస్తూ అమ్మోనియంగా ఉంటుంది. నిండిన కుండలో ఇంకా నీళ్లు పోయలేము. ఫాస్ఫేట్ ప్రోటాన్‌ను పట్టుకున్నట్టుగా అమ్మోనియా పట్టుకుంటుందని అనుకుంటే లెక్క ఎక్కడా కుదరదు. ఆ లెక్క కుదరాలంటే అమ్మోనియం ఎలా పుడుతుందో, దాని వెంట ఇంకేమి పుడుతుందో చూడాలి. అంతకంటే ముందు కిడ్నీ తీర్చవలసిన బాకీ ఎంతో తెలియాలి.

60 కిలోల బరువున్న ఒక మనిషిని తీసుకుందాం. మాంసకృత్తుల్లోని గంధకం ఉన్న అమైనో ఆమ్లాల నుంచి, మరికొన్ని మార్గాల నుంచి రోజుకు కిలోకు సుమారు 1 మిల్లీమోల్ చొప్పున, అంటే దాదాపు 60 మిల్లీమోల్‌ల స్థిర ఆమ్లం ఒంట్లో తయారవుతుంది. దీన్ని ఊపిరితో బయటకు పంపలేము. ఈ ఆమ్లం పుట్టిన క్షణంలోనే బైకార్బొనేట్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారిపోతుంది. ఆ కార్బన్ డయాక్సైడును ఊపిరితిత్తులు బయటకు పంపేస్తాయి, పీహెచ్ పెద్దగా కదలదు, పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కానీ 60 మిల్లీమోల్‌ల బైకార్బొనేట్ మాత్రం ఒంట్లోంచి ఖర్చైపోయింది. కణాల వెలుపల ఉన్న 12 లీటర్ల ద్రవంలో ఉన్న నిల్వ మొత్తం కలిపినా 290 మిల్లీమోల్‌లకు మించదు కాబట్టి, ఎవరూ భర్తీ చేయకపోతే అది అయిదు రోజుల ఖర్చుకు కూడా సరిపోదు.

ఇక్కడ చాలామంది విద్యార్థులు తడబడే చోటు ఒకటి ఉంది. గ్లోమెరులస్ రోజుకు 180 లీటర్లు వడకడుతుంది. లీటరుకు 24 చొప్పున 4,300 మిల్లీమోల్‌లకు పైగా బైకార్బొనేట్ ట్యూబ్యూల్‌లోకి దిగుతుంది. అందులో ఎక్కువ భాగాన్ని ప్రాక్సిమల్ ట్యూబ్యూల్, మిగిలినదాన్ని ఆ తర్వాతి భాగాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఇది చాలా పెద్ద పని, కానీ దీనివల్ల బాకీ ఒక్క మిల్లీమోల్ కూడా తీరదు. జేబులోంచి జారిన డబ్బును మళ్లీ జేబులో వేసుకున్నట్టే గాని, కొత్తగా సంపాదించినట్టు కాదు. ట్యూబ్యూల్‌లోకి పంపిన ప్రోటాన్ అక్కడ వడకట్టిన బైకార్బొనేట్‌తో కలిస్తే అది తిరిగి రాబట్టుకోవడం అవుతుంది. ఆ ప్రోటాన్ మరొకదాన్ని పట్టుకుని మూత్రంలో వెళ్లిపోతేనే, దాని జతగా కణంలో పుట్టిన బైకార్బొనేట్ ఒంటికి కొత్తగా చేరినట్టు లెక్క.

ప్రోటాన్‌ను ఒంటరిగా పంపేస్తే సరిపోదా అంటే, సరిపోదు. మూత్రం ఎంత ఆమ్లంగా మారినా పీహెచ్ 4.5 కంటే పెద్దగా కిందికి దిగదు, ఆ పీహెచ్ దగ్గర కూడా లీటరు మూత్రంలో ఉండే స్వేచ్ఛా ప్రోటాన్లు 0.03 మిల్లీమోల్ మాత్రమే. 60 మిల్లీమోల్‌లను ఆ దారిన పంపాలంటే రోజుకు 1,900 లీటర్ల మూత్రం పోయాలి.

అందుకే మూత్రంలో ముందు ఫాస్ఫేట్ పనిలోకి దిగుతుంది. దీని పీకేఏ 6.8 కాబట్టి ఇది నిజమైన బఫరే, మీరు పుస్తకంలో చదివిన అర్థంలోనే. రోజుకు 30 మిల్లీమోల్‌ల ఫాస్ఫేట్ మూత్రంలో పోతుందని అనుకోండి. వడకట్టిన సమయంలో, పీహెచ్ 7.4 దగ్గర, అందులో అయిదింట నాలుగు వంతులు, అంటే 24 మిల్లీమోల్‌లు, ప్రోటాన్‌ను తీసుకోగల రూపంలో ఉంటాయి. మూత్రం 5.8కి దిగేసరికి అలా మిగిలేవి 3 కూడా ఉండవు. అంటే 21 ప్రోటాన్లు ఎక్కేశాయి. అక్కడి నుంచి మరో పూర్తి యూనిట్ దించి 4.8కి తీసుకెళ్లినా అదనంగా దొరికేది రెండు రెండున్నర మిల్లీమోల్‌లే. ఈ చిన్న లెక్కను ఒకసారి కాగితం మీద స్వయంగా వేసుకుని చూడమని నా విద్యార్థులందరికీ చెబుతాను. మూత్రం పీహెచ్ ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఎక్కువగా పోతోందన్న భ్రమ దానితోనే పోతుంది. పైగా ఫాస్ఫేట్ ఎంత పోవాలన్నది ప్రధానంగా తిండిని బట్టి, ఎముకలను బట్టి ఉంటుంది గాని, అసిడోసిస్ వచ్చింది కదా అని కిడ్నీ దాన్ని పది రెట్లు పెంచుకోలేదు. డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో కీటో ఆమ్లాలు కొంతవరకు ఇలాంటి పనే చేస్తాయి గాని, వాటి పీకేఏ తక్కువ కాబట్టి మూత్రం బాగా ఆమ్లంగా ఉన్నప్పుడు మాత్రమే అవి కొద్దిగా ప్రోటాన్లను మోస్తాయి.

కాబట్టి అవసరాన్ని బట్టి పెంచుకోగల దారి ఒక్కటే మిగిలింది, అది అమ్మోనియం. మామూలు రోజుల్లో 30 నుంచి 40 మిల్లీమోల్‌లు పోయే అమ్మోనియం, దీర్ఘకాలిక అసిడోసిస్‌లో ఆరోగ్యవంతమైన కిడ్నీల నుంచి రోజుకు 200 నుంచి 300 దాకా పోగలదు.

మూత్రంలోని ఈ అమ్మోనియా రక్తం నుంచి వడకట్టినది కాదని, కిడ్నీయే తయారు చేస్తుందని 1921లో నాష్, బెనెడిక్ట్ చూపించారు. కిడ్నీ నుంచి బయటకు వచ్చే సిర రక్తంలో అమ్మోనియా, లోపలికి వెళ్లే ధమని రక్తంలో కంటే ఎక్కువగా ఉందని వారు గమనించారు. దాని ముడిసరుకు ప్రధానంగా గ్లుటమిన్ అని 1943లో వాన్ స్లైక్ బృందం కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేల్చింది. మీ ప్రశ్నకు జవాబు ఈ గ్లుటమిన్‌లోనే ఉంది.

గ్లుటమిన్ అణువు మీద నికర విద్యుదావేశం లేదు. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణం దాన్ని రక్తం వైపు నుంచి లోపలికి తీసుకుని, మైటోకాండ్రియాలోకి పంపుతుంది. అక్కడ గ్లుటమినేస్ అనే ఎంజైమ్ దాని నుంచి ఒక అమ్మోనియంను విడదీసి గ్లుటమేట్‌ను మిగులుస్తుంది. తర్వాత గ్లుటమేట్ డీహైడ్రోజినేస్ రెండో అమ్మోనియంను విడదీస్తుంది. చూడండి, ఇక్కడ పుట్టినది అమ్మోనియా కాదు, అమ్మోనియం. అది పుడుతూనే తన ప్రోటాన్‌తో పుట్టింది, ఎక్కడి నుంచో వచ్చిన ప్రోటాన్‌ను పట్టుకోలేదు. మరి రెండు ధనావేశాలు బయటపడ్డాయంటే మిగిలిన ముక్క రెండు రుణావేశాలతో ఉండాలి కదా. అదే ఆల్ఫా కీటోగ్లుటరేట్. ఈ ముక్కను కణం గ్లూకోజుగా మార్చినా, పూర్తిగా దహించి కార్బన్ డయాక్సైడుగా మార్చినా, ఆవేశం లేని పదార్థమే చివరికి మిగులుతుంది. ఆ రెండు రుణావేశాలు ఎక్కడికో ఒకచోటికి పోవాలి, అవి రెండు బైకార్బొనేట్లుగా బయటపడతాయి. గ్లూకోజు దారిని పూర్తి సమీకరణంగా రాస్తే ఇలా ఉంటుంది:

```
2 C5H10N2O3 + 6 H2O + 3 O2 → C6H12O6 + 4 NH4+ + 4 HCO3-
```

ఎడమవైపు ఆవేశం లేదు, కుడివైపు నాలుగు అమ్మోనియంలకు నాలుగు బైకార్బొనేట్లు సరిగ్గా సరిపోయాయి. మీరు అడిగిన కొత్త బైకార్బొనేట్ ఇదే. ఇది ప్రోటాన్‌ను ఎక్కడో బంధించడం వల్ల వచ్చినది కాదు, గ్లుటమిన్ అస్థిపంజరం కాలిపోవడం వల్ల వచ్చినది. కణం ఈ బైకార్బొనేట్‌ను సోడియంతో కలిపి రక్తం వైపు పంపుతుంది, అమ్మోనియంను ట్యూబ్యూల్ లోపలి వైపు పంపుతుంది. అసిడోసిస్ కొనసాగుతున్నకొద్దీ గ్లుటమిన్‌ను లోపలికి తెచ్చే వాహక ప్రొటీన్లు, ఈ ఎంజైములు, గ్లూకోజు తయారీలో కీలకమైన ఫాస్ఫోఈనోల్‌పైరువేట్ కార్బాక్సీకైనేస్ కణంలో పెరుగుతాయి. కొత్త ప్రొటీన్లు తయారు కావాలి కాబట్టే ఈ పెరుగుదల గంటల్లో రాదు, గరిష్ఠానికి చేరడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. నిన్న రాత్రి మొదలైన అసిడోసిస్‌లో అమ్మోనియం తక్కువగా కనిపించినంత మాత్రాన కిడ్నీని తప్పుపట్టకూడదనడానికి కారణం ఇదే.

ఇంతటితో కథ అయిపోతే అమ్మోనియం మూత్రంలో పోయినా, రక్తంలోకి వెళ్లినా ఒకటే కావాలి, బైకార్బొనేట్ ఎలాగూ పుట్టింది కాబట్టి. కానీ ఒకటి కాదు. మామూలుగా కిడ్నీ తయారు చేసిన అమ్మోనియంలో సుమారు సగం మూత్రంలోకి కాకుండా సిర రక్తంలోకి వెళ్లిపోతుంది. అది కాలేయానికి చేరితే కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది:

```
2 NH4+ + 2 HCO3- → CO(NH2)2 + CO2 + 3 H2O
```

కిడ్నీ సంపాదించిన రెండు బైకార్బొనేట్లు ఇక్కడ ఖర్చైపోయాయి, చివరికి లాభం సున్నా. అందువల్ల మూత్రంలోకి చేరిన అమ్మోనియంకే విలువ ఉంది. ఒక అమ్మోనియం మూత్రంలో పోతే ఒక బైకార్బొనేట్ లాభం అన్న పుస్తకం మాట ఈ రెండు మెట్లనూ కలిపి చెప్పిన లెక్క. బైకార్బొనేట్ పుట్టుక ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో జరుగుతుంది, ఆ లాభం చేతికి దక్కిందా లేదా అన్నది మూత్రంలో తేలుతుంది. అసిడోసిస్‌లో కిడ్నీ మొత్తం తయారీని పెంచడమే కాక, అందులో మూత్రం వైపు వెళ్లే వాటాను కూడా పెంచుకుంటుంది.

ఆ వాటాను నిర్ణయించేది మెడుల్లా, కలెక్టింగ్ డక్ట్. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ నుంచి వచ్చిన అమ్మోనియంను హెన్లీ లూప్‌లోని మందపాటి పైకెక్కే భాగం, పొటాషియంను తీసుకునే వాహకం ద్వారానే, పొటాషియం స్థానంలో పీల్చుకుని మెడుల్లా కణజాలంలో పోగుచేస్తుంది. అక్కడ కొద్ది భాగం అమ్మోనియాగా విడిపోయి, ఆర్‌హెచ్ కుటుంబానికి చెందిన ప్రొటీన్ల సాయంతో కలెక్టింగ్ డక్ట్‌లోకి ప్రవేశిస్తుంది. అదే సమయంలో ఆల్ఫా ఇంటర్‌కలేటెడ్ కణం తన పంపుతో ప్రోటాన్‌ను కూడా డక్ట్‌లోకి తోస్తుంది. రెండూ కలిసి మళ్లీ అమ్మోనియంగా మారి అక్కడే చిక్కుకుపోతాయి.

పాత పాఠ్యపుస్తకాల్లో బొమ్మ గీసేది ఈ ఘట్టాన్నే, బఫర్ అన్న మాట వచ్చింది కూడా ఇక్కడి నుంచే. మీరు అడగగల తర్వాతి ప్రశ్న కూడా ఇక్కడే ఉంది. ప్రోటాన్‌ను తోసినప్పుడు ఆ కణంలో ఒక బైకార్బొనేట్ పుడుతుంది కదా, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో ఒకటి పుట్టింది, ఇక్కడ ఇంకొకటి పుడితే ఒక అమ్మోనియంకు రెండు కావాలి కదా? కాదు. మెడుల్లా కణజాలంలో అమ్మోనియం విడిపోయి అమ్మోనియాగా మారినప్పుడు ఒక ప్రోటాన్ అక్కడే మిగిలింది. కలెక్టింగ్ డక్ట్ కణం రక్తం వైపు పంపిన బైకార్బొనేట్‌ను ఆ ప్రోటాన్ తినేస్తుంది. అంటే ఇక్కడి రాబడి ఖర్చుతో సమానమై కొట్టుకుపోతుంది, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో పుట్టినది మాత్రం మిగులుతుంది. కలెక్టింగ్ డక్ట్ కొత్త బైకార్బొనేట్‌ను తయారు చేయడం కంటే, ముందే తయారైనదాన్ని చేజారకుండా కాపాడుతుందని అనుకుంటే సరిగ్గా ఉంటుంది.

ఇప్పుడు మీ సార్ చెప్పిన పేషెంటు దగ్గరకు వద్దాం. మీరు వివరాలు ఇవ్వలేదు కాబట్టి, నేను క్లాసులో చెప్పడానికి రాసుకున్న అలాంటి కేసు అంకెలే తీసుకుంటాను. 60 కిలోల స్త్రీ, పన్నెండు రోజులుగా నీళ్ల విరేచనాలు, సెలైన్ ఎక్కించి ద్రవలోపం సరిచేశారు, విరేచనాలు మాత్రం ఇంకా ఆగలేదు. రక్తంలో సోడియం 138, పొటాషియం 3.0, క్లోరైడ్ 115, బైకార్బొనేట్ 13, పీహెచ్ 7.29, కార్బన్ డయాక్సైడు పీడనం 28. ఆనయాన్ గ్యాప్ 138 నుంచి 115, 13 తీసేస్తే 10, అంటే మామూలే. బైకార్బొనేట్‌ను ఒకటిన్నరతో హెచ్చవేసి 8 కలిపితే 27.5 వస్తుంది కాబట్టి, ఊపిరితిత్తులు చేయవలసిన సర్దుబాటు సరిగ్గా చేశాయి. మూత్రం రోజుకు లీటరున్నర, పీహెచ్ 6.1, లీటరుకు సోడియం 30, పొటాషియం 20, క్లోరైడ్ 120.

మూత్రంలో ధనావేశాలూ రుణావేశాలూ సమానంగా ఉండి తీరాలి. సోడియం, పొటాషియం కలిపితే 50 మాత్రమే ఉన్నాయి, క్లోరైడ్ మాత్రం 120 ఉంది. మిగిలిన 70 క్లోరైడ్‌లకు తోడుగా ల్యాబ్ కొలవని ధనావేశం ఏదో ఉండాలి, ఆ స్థానంలో ఇంత పెద్ద మొత్తంలో ఉండగలిగేది అమ్మోనియం ఒక్కటే. సోడియం, పొటాషియంల మొత్తంలోంచి క్లోరైడ్‌ను తీసేస్తే వచ్చే ఈ అంకెనే మూత్రపు ఆనయాన్ గ్యాప్ అంటాము, ఇక్కడ అది మైనస్ 70. ల్యాబ్ కొలవని రుణావేశాలు కూడా మూత్రంలో కొన్ని ఉంటాయి కాబట్టి నిజమైన అమ్మోనియం 70 కంటే ఎక్కువే ఉంటుంది. తక్కువలో తక్కువ 70 అనుకున్నా లీటరున్నరకు 105 మిల్లీమోల్‌లు. పీహెచ్ 6.1 దగ్గర ఫాస్ఫేట్ మీద ఎక్కిన ప్రోటాన్లు 19 దాకా ఉంటాయి. మొత్తం 124. రోజువారీ ఆమ్లానికి 60 పోను, ఈమె కిడ్నీలు రోజుకు కనీసం 64 మిల్లీమోల్‌ల బైకార్బొనేట్‌ను అదనంగా సంపాదించి విరేచనాల నష్టానికి ఎదురు నిలుస్తున్నాయి. పేగు అంతకంటే ఎక్కువ పారేస్తోంది కాబట్టే బైకార్బొనేట్ 13కి పడింది. కిడ్నీల తప్పు ఇందులో లేదు.

మరి పీహెచ్ 6.1 ఎందుకు? అమ్మోనియా బాగా దొరకడం వల్లనే. కలెక్టింగ్ డక్ట్ పంపు తోసిన ప్రోటాన్‌ను అక్కడికి చేరిన అమ్మోనియా వెంటనే తీసుకుంటుంటే, స్వేచ్ఛగా మిగిలే ప్రోటాన్లు తక్కువ, పీహెచ్ కొలిచేది ఆ మిగిలినవాటినే. అమ్మోనియా సరఫరా ఎంత ధారాళంగా ఉంటే మూత్రం అంత తక్కువ ఆమ్లంగా కనిపించవచ్చు. దీనికి తోడు పొటాషియం తగ్గితే ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణం లోపలి ద్రవం ఆమ్లంగా మారి, అసిడోసిస్‌తో సంబంధం లేకుండానే అమ్మోనియా తయారీని పెంచుతుంది. ఈమె విషయంలో రెండు కారణాలూ ఒకేసారి పనిచేశాయి. మీ సార్ చెప్పినది అక్షరాలా నిజం.

ఇదే రక్తపరీక్షలతో, సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ అన్నీ అవే ఉండి, విరేచనాలు లేని మరొక పేషెంటును ఊహించండి. మూత్రం పీహెచ్ 6.8, సోడియం 50, పొటాషియం 40, క్లోరైడ్ 62. గ్యాప్ ప్లస్ 28. ఇక్కడ క్లోరైడ్‌లకు తోడు కావలసిన అమ్మోనియం దాదాపు లేనట్టే. ఇది డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్. ఈ పేషెంటు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ గ్లుటమిన్‌ను చీల్చగలదు, బైకార్బొనేట్‌ను పుట్టించగలదు. కానీ కలెక్టింగ్ డక్ట్‌లో ప్రోటాన్ పంపు పనిచేయక అమ్మోనియా అక్కడ చిక్కుకోవడం లేదు. అది రక్తంలోకి తిరిగి పోతోంది, కాలేయం దాన్ని యూరియాగా మార్చడానికి పుట్టిన బైకార్బొనేట్‌నే వాడుకుంటోంది. పైన రాసిన రెండు సమీకరణాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఈ జబ్బు ఏమిటో పూర్తిగా కనిపిస్తుంది. వాళ్లకు పెద్దవయసులో రోజుకు కిలోకు 1 నుంచి 2 మిల్లీమోల్‌ల క్షారం ఇస్తే సరిపోవడం కూడా అందుకే. తీర్చవలసినది ప్రధానంగా రోజువారీ ఆమ్లం బాకీ ఒక్కటే.

దీనికి తలకిందులుగా ఉండే పరిస్థితి ఒకటుంది, అది నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది, ఎందుకంటే అక్కడ మూత్రం పీహెచ్ చూసి మోసపోవడం తేలిక. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో మిగిలిన ప్రతి నెఫ్రాన్ తన వంతుకు మించి అమ్మోనియా తయారు చేస్తుంది గాని, నెఫ్రాన్ల సంఖ్యే పడిపోయింది కాబట్టి మొత్తం తగ్గుతుంది. పొటాషియం కూడా పెరిగితే ప్రాక్సిమల్ కణంలో తయారీ ఇంకా అణగుతుంది, హెన్లీ లూప్‌లో అమ్మోనియంకు పొటాషియం పోటీ వస్తుంది. అయినా కలెక్టింగ్ డక్ట్ పంపు బాగానే ఉండవచ్చు. తోసిన కొద్దిపాటి ప్రోటాన్లను పట్టుకోవడానికి అమ్మోనియా లేదు కాబట్టి అవి స్వేచ్ఛగా మిగిలి మూత్రం పీహెచ్ 5.2కి పడిపోతుంది. 'మూత్రం బాగా ఆమ్లంగా ఉంది, కిడ్నీ ఆమ్లాన్ని పంపేస్తోంది' అని కేసు షీటులో రాసి ఉండగా రోజుకు పోతున్న అమ్మోనియం 15 మిల్లీమోల్‌లు మాత్రమే అయి ఉండవచ్చు. తక్కువ పీహెచ్, తక్కువ అమ్మోనియం కలిసి కనిపిస్తే లోపం తయారీలో ఉంది. ఎక్కువ పీహెచ్, తక్కువ అమ్మోనియం కలిస్తే లోపం చిక్కించుకోవడంలో ఉంది. ఎక్కువ అమ్మోనియం ఉంటే పీహెచ్ ఎంతైనా కిడ్నీ తన పని తాను చేస్తోంది. మొదటి రకంలో పొటాషియంను తగ్గించడమే అమ్మోనియా తయారీకి సాయం చేస్తుంది, చాలాసార్లు ఆ ఒక్క మార్పుతోనే బైకార్బొనేట్ కొంత పైకి వస్తుంది.

మూత్రపు ఆనయాన్ గ్యాప్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. అమ్మోనియం క్లోరైడ్‌తో కలిసి పోతున్నప్పుడే అది నిజం చెబుతుంది. కీటోఅసిడోసిస్‌లో కీటో ఆమ్లాల రుణావేశాలు, టోలుయీన్ పీల్చినవారిలో హిప్పురేట్, అమ్మోనియంకు తోడుగా పోతాయి. అప్పుడు క్లోరైడ్ పెరగదు, అమ్మోనియం పుష్కలంగా ఉన్నా గ్యాప్ ప్లస్‌లో కనిపించి ట్యూబ్యులర్ అసిడోసిస్ అని పొరబడేలా చేస్తుంది. అలాంటి చోట మూత్రం ఆస్మోలాలిటీని కొలిచి, సోడియం పొటాషియంల మొత్తాన్ని రెట్టింపు చేసి, యూరియానూ గ్లూకోజునూ కలిపి వచ్చిన అంకెను అందులోంచి తీసేయాలి. మిగిలినదాంట్లో సుమారు సగం అమ్మోనియం. సోడియం లీటరుకు 20 కంటే తక్కువున్న మూత్రంతో తీర్పు చెప్పవద్దు. కలెక్టింగ్ డక్ట్‌కు సోడియం చేరకపోతే మంచి కిడ్నీ కూడా మూత్రాన్ని సరిగ్గా ఆమ్లం చేయలేదు. మన పేషెంటుకు ముందు ద్రవలోపం సరిచేసి, ఆ తర్వాతే మూత్రం పంపడం అందుకే.

మరొక మాట, ఇంత గ్లుటమిన్ ఊరికే రాదు. అది ఎక్కువగా కండరాల నుంచి వస్తుంది. నెలల తరబడి అసిడోసిస్ కొనసాగిన కిడ్నీ పేషెంట్లు కండ కరిగి బలహీనపడడానికి ఇది ఒక కారణం, వాళ్లకు నోటి ద్వారా సోడియం బైకార్బొనేట్ ఇవ్వడం వెనుక ఉన్న ఆలోచనల్లో ఇదీ ఒకటి. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో పొటాషియం పడిపోనివ్వకూడదనడం కూడా ఇదే లెక్క. కిడ్నీ తయారు చేసిన అమ్మోనియాలో రక్తంలోకి తిరిగే భాగాన్ని ఆ కాలేయం సర్దుకోలేక, స్పృహ మందగించే స్థితి వస్తుంది.

మీ వార్డు పేషెంటుకు ఏమి చేయాలన్నది మీరు అడగకపోయినా, ఈ అంకెలు దాన్ని కూడా చెబుతాయి. పొటాషియం 3.0 ఉండగా బైకార్బొనేట్‌ను హడావిడిగా ఎక్కిస్తే పొటాషియం కణాల్లోకి దూకి ఇంకా పడిపోతుంది కాబట్టి, ముందు పొటాషియం సంగతి చూడాలి. బైకార్బొనేట్ లోటు, ఒంటి బరువులో సగాన్ని దాని విస్తృతిగా తీసుకుంటే, 30ని 11తో హెచ్చవేసి సుమారు 330 మిల్లీమోల్‌లు. విరేచనాలు ఆగిన రోజు నుంచి కిడ్నీలు అంతవరకు పేగుకు ఇచ్చుకున్న ఆ 64 మిల్లీమోల్‌లు ఇక ఒంటికే మిగులుతాయి. పెరిగిన ఎంజైములు ఒక్క పూటలో తగ్గవు కాబట్టి ఆ రాబడి కొన్ని రోజులు సాగుతుంది. రోజుకు 64 చొప్పున 330కి అయిదు రోజులకు కాస్త ఎక్కువే పడుతుంది. అయిదో రోజుకు రక్తంలో బైకార్బొనేట్ 20 దాటుతుండగా, మూత్రపు గ్యాప్ మైనస్ నుంచి మెల్లగా సున్నా వైపు జరుగుతుండడం మీకు కనిపించాలి. బైకార్బొనేట్ పెరగకుండా గ్యాప్ ముందే సున్నాకు వచ్చేస్తే మాత్రం, మీ సార్‌తో కలిసి రోగ నిర్ధారణను మళ్లీ మొదటి నుంచి చూడండి.